చెంప మీద మచ్చ మాయమైన వీసా ఫొటో: మా స్టూడియోకి వచ్చిన ఒక కేసు

మాది జిల్లా కేంద్రంలో చిన్న స్టూడియో. పెళ్లిళ్లు, ఫంక్షన్లు సీజన్‌లోనే ఉంటాయి, మిగతా రోజుల్లో షాపు నడిపేది పాస్‌పోర్ట్, వీసా, ఎగ్జామ్ అప్లికేషన్ ఫొటోలే. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, ఐడీ ఫొటో మీద చెయ్యకూడని పనులన్నీ ఒక్క ఫొటోలోనే వరసగా జరిగాయి, చేసినవాళ్లలో ఒక్కరికి కూడా తప్పు చేస్తున్నామన్న ఆలోచన లేదు. ఎవరో గుర్తుపట్టకుండా ఊరు, కాలేజీ, టైమ్ లాంటి వివరాలు తీసేశాను.

అమ్మాయి బీటెక్ అయిపోయి అమెరికాలో ఎమ్మెస్‌కి వెళ్తోంది. వీసా అప్లికేషన్ అంటే డీఎస్-160 ఫామ్, అందులో ఫొటో అప్‌లోడ్ చెయ్యాలి. వాళ్లింటి దగ్గర ఒక స్టూడియోలో మామూలు పాస్‌పోర్ట్ సైజు ఫొటో దిగింది, అదే ఫైల్ కన్సల్టెన్సీకి పంపింది, కన్సల్టెన్సీలో కుర్రాడు అప్‌లోడ్ చేశాడు, సిస్టమ్ తీసుకుంది. అంతా అయిపోయిందనుకున్నారు. తర్వాత బయోమెట్రిక్స్‌కి వెళ్తే కౌంటర్‌లో ఆవిడ స్క్రీన్ వైపు, అమ్మాయి వైపు రెండు మూడు సార్లు చూసి, ఈ ఫొటో పనికిరాదు, ఎడిట్ చెయ్యని కొత్త ఫొటో ప్రింట్ తీసుకుని ఇంటర్వ్యూకి రండి అని చెప్పి పంపింది. ఇంటర్వ్యూకి టైమ్ పెద్దగా లేదు. అప్పుడు అమ్మా నాన్నా అమ్మాయీ ముగ్గురూ కలిసి మా షాపుకొచ్చారు.

ఫొటోలో ఏముంది

ఫైల్ మానిటర్ మీద 200 శాతానికి జూమ్ చేసి చూశా. మొదట కనిపించింది ముఖం వెడల్పు. ఎదురుగా కూర్చున్న అమ్మాయిది కోల ముఖం, ఫొటోలో గుండ్రంగా ఉంది. కారణం తేలిగ్గానే దొరికింది. మన దగ్గర స్టూడియోలు ఇచ్చే పాస్‌పోర్ట్ సైజు 35 ఇంటు 45 మిల్లీమీటర్లు, అమెరికా వీసాకి కావాల్సింది 2 ఇంటు 2 అంగుళాలు, అంటే చదరం. కన్సల్టెన్సీ కుర్రాడు క్రాప్ చెయ్యకుండా నిలువు ఫొటోని పక్కలకి లాగి చదరం చేసేశాడు. 35ని 45 చేస్తే వెడల్పు దాదాపు 29 శాతం పెరుగుతుంది, ఎత్తు మాత్రం అలాగే ఉంటుంది. అతను ముఖం జోలికే పోలేదు, సైజు మార్చాననే అనుకున్నాడు.

రెండోది చర్మం. బుగ్గ మీద ఒక్క రంధ్రం లేదు, కనుబొమ్మల చివర్లు మైనం పూసినట్టు కలిసిపోయాయి, ముఖం ఒక రంగు మెడ ఇంకో రంగు. స్కిన్ స్మూత్ చేసి, ముఖం వరకే కలర్ తేల్చారన్నమాట. మూడోది బ్యాక్‌గ్రౌండ్. మొదట నీలం తెర ముందు తీసి తర్వాత కత్తిరించి తెలుపు పెట్టారు, జుట్టు అంచుల్లో ఇంకా నీలం గీత కనిపిస్తోంది, కుడి చెవి పైభాగం తెలుపుతో పాటే ఎగిరిపోయింది.

నాలుగోది నాకు కనిపించలేదు, వాళ్ల నాన్న చెప్పాడు. "ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంటుంది తమ్ముడూ, అది లేదు చూడు" అన్నాడు. నిజమే, ఎదురుగా ఉన్న అమ్మాయి చెంప మీద కందిగింజంత మచ్చ ఉంది, ఫొటోలో లేదు. మొటిమలతో పాటు హీలింగ్ బ్రష్‌తో దాన్ని కూడా తుడిచేశారు. పైగా ఆ మచ్చే ఆ అమ్మాయి టెన్త్ సర్టిఫికెట్‌లో ఐడెంటిఫికేషన్ మార్క్స్ దగ్గర మొదటి లైన్‌లో రాసుంది. మన దగ్గర టెన్త్‌లో సారు చొక్కా చెయ్యి పైకి మడిపించి మరీ పుట్టుమచ్చలు వెతికి రాయిస్తాడు కదా, ఆ రాతే. ఇండియన్ పాస్‌పోర్ట్ అప్లికేషన్‌లో కూడా కంటికి కనిపించే గుర్తు ఏముందో అడుగుతారు. అంటే కాగితాల మీద ఈ అమ్మాయిని ఈ అమ్మాయే అని చెప్పే గుర్తుని స్టూడియో వాళ్లు ఫ్రీ సర్వీస్‌గా తీసేశారు.

మరి అప్‌లోడ్ ఎలా అయింది అని అడిగారు. అప్‌లోడ్ దగ్గర మెషిన్ ప్రధానంగా చూసేది ఫైల్ చదరంగా ఉందా, 600 నుంచి 1200 పిక్సెల్స్ మధ్య ఉందా, 240 కేబీ దాటిందా ఇలాంటివి. మచ్చ ఉందా లేదా దానికేం తెలుసు. అక్కడ పాస్ అయిందంటే ఫైల్ పాస్ అయిందనే, ఫొటో ఓకే అయిందని కాదు. ఇది మా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామందికి అర్థం కాని విషయం.

మొదట అడిగినవి, కుదరనివి

నాన్నగారు మొదట అడిగింది "మచ్చ మళ్లీ పెట్టెయ్యొచ్చు కదా, రెండు నిమిషాల పని" అని. రెండు నిమిషాలు కూడా పట్టదు, ఆ మాట నిజమే. కానీ నేను పెట్టే మచ్చ నేను గీసిన మచ్చ అవుతుంది గానీ ఆ అమ్మాయి మచ్చ కాదు, ఎక్కడ, ఎంత సైజు, ఏ రంగు అన్నీ నా ఊహే. తీసెయ్యడం ఎలా మార్పో గియ్యడం కూడా అలాగే మార్పు. కుదరదన్నా.

తర్వాత ఎడిట్ చెయ్యని ఒరిజినల్ ఫైల్ దొరుకుతుందేమో అని ఆ స్టూడియోకి ఫోన్ చేయించా. ఒరిజినల్ ఉంటే దాన్నుంచి క్రాప్ చేసుకోవచ్చు, అమ్మాయిని మళ్లీ కూర్చోబెట్టే పని కూడా ఉండదు. వాళ్ల దగ్గర ఎడిట్ అయిన ఫైలే ఉంది, కెమెరా కార్డు ఎప్పుడో ఫార్మాట్ అయిపోయింది. సాగదీసిన వెడల్పుని మళ్లీ 35 ఇంటు 45 నిష్పత్తికి వెనక్కి తేవచ్చు, అది లెక్క ప్రకారం జరిగే పని కాబట్టి వెనక్కి వస్తుంది. స్మూత్ చేసిన చర్మం, తుడిచేసిన మచ్చ, కోసేసిన చెవి మాత్రం రావు, ఆ పిక్సెల్సే లేవు. దాంతో ఆ ఫైల్ పక్కన పెట్టేశా.

ఈలోపు అమ్మాయి తమ్ముడు ఇంటి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు, "అక్క నిన్న తెల్లగోడ ముందు దిగింది అన్నా, ఎడిటింగ్ ఏం లేదు" అని. తెరిస్తే మచ్చ ఉంది, కానీ కుడి చెంప మీద ఉంది! సెల్ఫీ అది. కొన్ని ఫోన్లు ముందు కెమెరాతో తీసింది అద్దంలో చూసినట్టే తిప్పి సేవ్ చేస్తాయి, సెట్టింగ్స్‌లో మిర్రర్ అని ఉంటుంది, ఆపకపోతే ఎడమది కుడికి పోతుంది, పాపిట కూడా అటు మారిపోతుంది. మన ముఖం మనం రోజూ అద్దంలోనే చూసుకుంటాం కాబట్టి మనకి తేడా తెలీదు, ఎదుటివాళ్లకి తెలుస్తుంది.

దాన్ని తిప్పి సరిచేస్తే సరిపోదా అని అమ్మాయి అడిగింది, మంచి ప్రశ్నే. తిప్పితే నిజంగానే అసలు రూపం వస్తుంది. కానీ ఆ ఫొటోకి వేరే రోగాలున్నాయి. చెయ్యి చాచినంత దూరం నుంచి తీసింది కాబట్టి ముక్కు పెద్దగా, చెవులు వెనక్కి పోయినట్టు వచ్చాయి. ఫోన్‌లో బ్యూటీ ఆన్‌లో ఉందని కూడా చర్మం చూస్తే తెలుస్తోంది, అంటే ఎడిటింగ్ లేదని తమ్ముడు చెప్పింది అతనికి తెలిసినంతవరకు నిజమే, ఫోనే చేసేసింది. సరే, అమెరికా వాళ్లు సెల్ఫీలు వద్దనే అంటారు, అదీ వదిలేశాం.

ఇంత తిప్పలు ఎందుకు

వాళ్ల అమ్మకి చిరాకొచ్చింది. "కొంచెం తెల్లగా ఉంటే వాళ్లకేం పోయింది బాబూ, దొంగ పిల్ల కాదుగా" అంది. న్యాయమైన మాటే, అందుకని ఆవిడకి కాస్త వివరంగా చెప్పా.

వీసాకిచ్చే ఫొటో ఆఫీసరు ఒకసారి చూసి ఫైల్‌లో పెట్టేసేది కాదు. అమెరికా ఎయిర్‌పోర్ట్‌లో దిగాక అక్కడి కెమెరా అమ్మాయి ముఖం తీసి, గవర్నమెంట్ దగ్గరున్న పాస్‌పోర్ట్, వీసా ఫొటోలతో పోల్చి చూస్తుంది. కళ్ల మధ్య దూరం, ముక్కు వెడల్పు, దవడ గీత ఇలాంటివాటి పొందిక బట్టి పోలిక నడుస్తుంది. ముఖాన్ని పక్కలకి 29 శాతం లాగితే ఆ పొందికంతా చెడిపోతుంది. మెషిన్ కాదంటే మనిషిని పక్కకి పిలిచి ప్రశ్నలడుగుతారు, అంత దూరం ప్రయాణం చేసి దిగిన పిల్లకి ఆ టైమ్‌లో అది అవసరమా.

రెండో కారణం దొంగల వల్ల వచ్చింది. ఇద్దరు మనుషుల ముఖాలని కలిపి ఒకే ముఖంగా తయారుచేస్తే, ఆ ఒక్క ఫొటోతో ఇద్దరూ మ్యాచ్ అయ్యేలా చెయ్యొచ్చని ఇటలీలో బొలోన్యా యూనివర్సిటీ పరిశోధకులు 2014లోనే చూపించారు. దీన్ని మార్ఫింగ్ అంటారు. 2018లో జర్మనీలో ఒక ఉద్యమ బృందం ఒక రాజకీయ నాయకురాలి ముఖాన్ని తమలో ఒకరి ముఖంతో కలిపి నిజంగానే పాస్‌పోర్ట్ తీసుకుని బయటపెట్టింది. జర్మనీలో 2025 మే 1 నుంచి పాస్‌పోర్ట్‌కి కాగితం ఫొటో తీసుకోవడం మానేశారు, ఆఫీసులోనే తీస్తారు లేదా గుర్తింపు ఉన్న ఫొటోగ్రాఫర్ సేఫ్ లైన్‌లో నేరుగా పంపాలి. మన వాళ్లు అక్కడ చదువుకుంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకి ఇది తెలిసే ఉంటుంది.

అమ్మాయి చర్మం స్మూత్ చెయ్యడానికి, దీనికి సంబంధం ఏంటంటే, మార్ఫింగ్ పట్టుకునేవాళ్లు చూసేవి చర్మం మీది సన్న గరుకు, కెమెరా సెన్సర్ వదిలే నాయిస్, జుట్టు, కనుపాపల అంచులు ఇలాంటివే. స్మూతింగ్ చేస్తే సరిగ్గా అవే పోతాయి. అప్పుడు ఇది అందం కోసం చేసిందా, మోసం దాచడానికి చేసిందా అనేది ఫొటో చూసి చెప్పలేరు. అందుకే ఎంతవరకు చెయ్యొచ్చు అని గీత గియ్యకుండా రూపం మార్చే పని ఏదీ వద్దన్నారు. అమెరికా విదేశాంగ శాఖ తమ పాస్‌పోర్ట్ ఫొటో రూల్స్‌లో సాఫ్ట్‌వేర్, ఫోన్ యాప్స్, ఫిల్టర్లు, ఏఐ ఏదీ వాడి ఫొటో మార్చొద్దని రాసింది, వీసా ఫొటోకి కూడా రూపం మారేలా డిజిటల్‌గా ఏమీ చెయ్యొద్దనే చెప్తుంది. అమ్మగారు పూర్తిగా ఒప్పుకుందని చెప్పను గానీ, ఎయిర్‌పోర్ట్ మాట దగ్గర మెత్తబడింది.

తీసిన పద్ధతి

నా లెక్క ఏంటంటే, తర్వాత ఎడిటింగ్‌లో సరిచెయ్యాలనిపించేవన్నీ క్లిక్ కొట్టకముందే సరిచెయ్యాలి. ముఖం జిడ్డుగా మెరుస్తుంటే టిష్యూతో అద్దుకోమన్నా, షైన్ తగ్గించే స్లైడర్ ముట్టుకోలేదు. జుట్టు ముఖం మీద పడకుండా దువ్వుకోమన్నా. అమ్మాయి తెల్ల కుర్తాలో వచ్చింది, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో భుజాలు కలిసిపోయి తల గాల్లో తేలినట్టుంటుంది, అందుకని ముదురు రంగు చున్నీ భుజాల మీద సర్దించా. కళ్లజోడు తీయించా, 2016 నవంబర్ నుంచి అమెరికా వీసా ఫొటోలో కళ్లజోడు ఒప్పుకోవట్లేదు. ముక్కుపుడక రోజూ పెట్టుకునేదే, ముఖాన్ని ఏమీ దాచట్లేదు, ఉంచేశాం.

బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా రావాలంటే తెర తెల్లగా ఉంటే చాలదు. మనిషి తెరకి ఆనుకుని కూర్చుంటే నీడ పడుతుంది, నీడ పడితే కత్తిరించి తెలుపు పెట్టాలనిపిస్తుంది, అదే మొదటి స్టూడియోలో చెవి పోవడానికి మూలం. అమ్మాయిని తెరకి నాలుగడుగులు ముందుకి జరిపి, తెర మీదకి వేరే లైట్ వేశా, ముఖానికి రెండు సాఫ్ట్‌బాక్సులు చెరో పక్క. కెమెరా కళ్ల ఎత్తులో, ఐదడుగుల దూరంలో.

మొదటి ఫ్రేముల్లో ముఖం పచ్చగా వచ్చింది. గదిలో ట్యూబ్‌లైట్ ఆన్‌లో ఉంది, అది ఫ్లాష్‌తో కలిసింది. ట్యూబ్‌లైట్ ఆర్పి, బూడిద రంగు గ్రే కార్డు పట్టించి, రంగులు ఉన్నవి ఉన్నట్టు వచ్చేలా కెమెరాలోనే వైట్ బ్యాలెన్స్ సెట్ చేశా. అప్పుడు అమ్మగారు స్క్రీన్ చూసి "నల్లగా వచ్చింది" అన్నారు. ఈ మాట రోజూ వింటాం, విన్నవెంటనే కొట్టిపారెయ్యకూడదు, ఒప్పేసుకోకూడదు కూడా. ఫొటోలో వెలుగు ఎంతుందో చూపించే గ్రాఫ్, హిస్టోగ్రామ్ చూశా. తెర బూడిద రంగులో ఉంది, అంటే నిజంగానే లైట్ తక్కువైంది. తెల్ల తెర తెల్లగా వచ్చేదాకా ఫ్లాష్ పెంచి మళ్లీ తీశా. ముఖం కూడా కాస్త వెలిగింది, కానీ ముఖంతో పాటు మెడ, చున్నీ, తెర అన్నీ కలిసే వెలిగాయి. కలర్ తేల్చడానికి, లైట్ సరిచెయ్యడానికి తేడా ఇదే, లైట్ సరిచేస్తే ఫ్రేమంతా మారుతుంది, ముఖం ఒక్కటే మారితే అది మేకప్ సాఫ్ట్‌వేర్ పని. అక్కడితో ఆపేశా, ఇంకో స్టాప్, అంటే వెలుగు రెట్టింపు, పెంచమన్నారు, పెంచితే నుదురు, బుగ్గల మీద వివరాలు ఎగిరిపోతాయి, పెంచలేదు.

కంప్యూటర్లో చేసిన పని

ఫైల్ మీద నేను చేసింది క్రాప్, రీసైజ్, సేవ్, అంతే. ఎవరికైనా పనికొస్తుందని లెక్క రాస్తున్నా. అమెరికా వీసా ఫొటోలో గడ్డం నుంచి నడినెత్తి దాకా తల ఎత్తు, ఫొటో ఎత్తులో 50 నుంచి 69 శాతం ఉండాలి, కళ్లు కింది అంచు నుంచి 56 నుంచి 69 శాతం ఎత్తులో ఉండాలి. మా ఫ్రేములో తల ఎత్తు 1500 పిక్సెల్స్ వచ్చింది. 60 శాతం పెట్టుకుందామనుకుంటే 1500ని 0.6తో భాగిస్తే 2500, అంటే 2500 ఇంటు 2500 చదరం కొయ్యాలి. కళ్లు 62 శాతం దగ్గర రావాలంటే కళ్ల గీతకి కింద 1550 పిక్సెల్స్ ఉంచాలి. అలా కోస్తే తల పైన కూడా 200 పిక్సెల్స్ ఖాళీ మిగిలింది. దాన్ని వెడల్పు, ఎత్తు లింక్ తెంచకుండా 1000 ఇంటు 1000కి తగ్గించి, 240 కేబీ లోపు వచ్చేలా జేపెగ్ సేవ్ చేశా. ప్రింట్ 2 అంగుళాలకి.

ఫ్రేములో కెమెరా ఒక డిగ్రీ వంగితే తిప్పి సరిచెయ్యడం నా దృష్టిలో పర్లేదు, అది కెమెరా వంపు. తల వంగి ఉంటే మాత్రం తిప్పను, తిప్పితే తల నిలబడుతుంది గానీ భుజాలు వంకరవుతాయి, మళ్లీ తీయడమే. ఐఫోన్ ఫైల్‌ని జేపెగ్‌గా మార్చడం మామూలే. ఫ్లాష్ వల్ల కళ్లు ఎర్రగా వస్తే చాలామంది క్లిక్‌తో తీసేస్తారు, నేనైతే ఫ్లాష్ పక్కకి జరిపి మళ్లీ తీస్తా, కనుపాప మీద బ్రష్ పెట్టడం నాకిష్టం లేదు. మొటిమ ఉంటే ఉంటుంది. ఎంత బతిమాలినా తియ్యను, ఎందుకంటే మొటిమకి పెట్టిన బ్రష్‌కి మచ్చ ఏదో మొటిమ ఏదో తెలీదు, ఈ కేసులో జరిగింది అదే.

కొత్త డీఎస్-160 నింపాలా అని నాన్నగారు అడిగారు. సబ్‌మిట్ చేశాక అందులో ఫొటో మార్చలేం, మార్చాలంటే కొత్త ఫామ్ నింపాలి, అప్పుడు కన్ఫర్మేషన్ నంబర్ మారుతుంది, అపాయింట్‌మెంట్‌లో కూడా ఆ నంబర్ మార్చుకోవాలి, మర్చిపోతే అదో తలనొప్పి. కౌంటర్‌లో అడిగింది ప్రింటే కాబట్టి ప్రింట్లు తీసుకెళ్లమన్నా, సాఫ్ట్ కాపీ కూడా ఇచ్చా. ప్రింట్ తీసుకున్నారు, ఫొటో గురించి మళ్లీ ప్రశ్న రాలేదని తర్వాత అమ్మాయి మెసేజ్ పెట్టింది.

ఒకటి మాత్రం కస్టమర్లకి విడిగా చెప్తుంటా, క్రాప్ చేసిన ఫైల్‌తో పాటు కెమెరా ఒరిజినల్ కూడా అడిగి తీసుకోండి. ఈ అమ్మాయికే రేపు అమెరికాలో ఉండగా ఇండియన్ పాస్‌పోర్ట్ రెన్యువల్ వస్తుందనుకోండి. 2025 సెప్టెంబర్ నుంచి బయటి దేశాల్లో మన ఎంబసీలు 630 ఇంటు 810 పిక్సెల్స్ ఫొటో, ముఖం 80 నుంచి 85 శాతం ఉండాలని, సాఫ్ట్‌వేర్‌తో మార్చకూడదని అడుగుతున్నాయి. మా 1000 పిక్సెల్స్ చదరంలో తల 600 పిక్సెల్సే, 80 శాతానికి కోస్తే ఎత్తు 750 వస్తుంది, 810కి పెద్దది చెయ్యాల్సి వస్తుంది, లేని పిక్సెల్స్ కంప్యూటర్ ఊహించి నింపుతుంది. ఒరిజినల్‌లో తల 1500 ఉంది, అక్కడ 1875 ఎత్తు కోసి 810కి తగ్గించుకుంటే చాలు, నింపేదేం ఉండదు. కాకపోతే ఫొటో ఆరు నెలల లోపుదై ఉండాలి అంటారు కాబట్టి అప్పటికి పాతదైపోతే మళ్లీ దిగాల్సిందే.